రాజీనామా లేఖ చూసి చెప్పండి: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి చీరల ఆన్‌లైన్ దుకాణానికే పూర్తిగా మారుతున్నా

పట్టుపోగు (అనంతపురం) · 18 జూలై 2026

అందరికీ నమస్కారం. బెంగళూరు కంపెనీకి అనంతపురంలో ఇంటి నుంచే పని చేస్తున్నా, బ్యాకెండ్ ఇంజనీరుగా. చేరిన తేదీ 13 సెప్టెంబరు 2021. పర్మనెంట్ ఉద్యోగం, నోటీసు 90 రోజులు. బేసిక్ 60,000, మొత్తం జీతం నెలకు 1,20,000. ధర్మవరం పట్టు చీరలు 14 నెలలుగా సొంత సైటులో, ఒక మార్కెట్‌ప్లేసులో అమ్ముతున్నా. జీఎస్టీ నా పాన్ మీదే ఉంది. ఆగస్టు 3, సోమవారం లేఖ పంపుదామనుకుంటున్నా. దసరా అక్టోబరు 20న, దీపావళి నవంబరు 8న. ఆ సీజన్‌కు చేతులు ఖాళీగా ఉండాలి.

పంపేది ఇంగ్లీషులోనే. మాట మాటా చూస్తారని ఇక్కడ తెలుగులో పెడుతున్నా.

> విషయం: నా ఉద్యోగం గురించి
>
> మేనేజరు గారికి,
>
> గత 14 నెలలుగా నేను పట్టు చీరల ఆన్‌లైన్ దుకాణం నడుపుతున్నాను. ఆర్డర్లు పెరగడంతో రెండు పనులూ చేయడం కష్టంగా ఉంది. అందువల్ల ఉద్యోగం మానేయాలని అనుకుంటున్నాను. పండుగ సీజన్ దృష్ట్యా సెప్టెంబరు మొదటి వారంలో నన్ను వదిలిపెడితే మేలు చేసినవారవుతారు. వీలుకాకపోతే మీరు ఎలా చెబితే అలా చేస్తాను. వెళ్లిన తర్వాత కూడా 3 నెలల పాటు ఉచితంగా సహాయం చేస్తాను.

ఎక్కడ మార్చాలి?

---

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం)

లేఖ బాగానే ఉందక్కా, మర్యాదగా ఉంది. కాకపోతే వాళ్లు ఒప్పుకునేదాకా అది రాజీనామానే కాదు. మేనేజరు "యాక్సెప్టెడ్" అని తిరుగు మెయిల్ ఇచ్చిన రోజు నుంచే 90 రోజులు లెక్క. కాబట్టి ఫోన్లో ముందు ఒప్పించి తర్వాత పంపు.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

పైన చెప్పింది సగమే నిజం తమ్ముడూ. ఒప్పుకున్నట్టు మెయిల్ రావడం అవసరమే. అది లేకపోతే రిలీవింగ్ లెటరు దగ్గర లాగుతారు. కానీ నోటీసు గడువు మామూలుగా లేఖ అందిన రోజుతో మొదలవుతుంది, మేనేజరుకు తీరిక దొరికిన రోజుతో కాదు. నియామక పత్రంలో వేరేగా రాసి ఉంటే తప్ప. ఒప్పుకోలు ముఖ్యమయ్యేది ఇంకో చోట: రాజీనామా వెనక్కి తీసుకోవాలంటే వాళ్లు ఒప్పుకునేలోపే తీసుకోవడం మంచిది. ఒప్పుకున్నాక అది గొడవగా మారుతుంది.

ఇక పట్టుపోగు గారూ, మీ లేఖలో నాకు కనబడిన పెద్ద తప్పు "మానేయాలని అనుకుంటున్నాను" అన్న మాట. అది ఆలోచన చెప్పినట్టే గానీ రాజీనామా చేసినట్టు కాదు. ఇలాంటి మెయిలుకు "సరే, వచ్చే వారం కూర్చుని మాట్లాడదాం" అని జవాబొస్తుంది. మూడు వారాలు మాటలతోనే పోతాయి. ఆ తర్వాత హెచ్ఆర్ పోర్టల్లో నొక్కిన తేదీనే రాజీనామా తేదీగా పడుతుంది. మీ 90 రోజులు ఆగస్టు 3 నుంచి కాక ఆగస్టు 24 నుంచి మొదలైతే దీపావళి కూడా ఆఫీసులోనే. "ఈ లేఖతో రాజీనామా చేస్తున్నాను" అని వర్తమానంలో రాయండి. తేదీ వేయండి.

రెండోది, గడువు ముగిసే రోజు మీరే లెక్కగట్టి లేఖలో పెట్టండి. నోటీసు పనిదినాల్లో కాదు, క్యాలెండరు రోజుల్లో లెక్క. ఆగస్టు 3న ఇచ్చి, మర్నాటి నుంచి ఒకటి అని లెక్కపెడితే ఆగస్టులో 28, సెప్టెంబరులో 30, అక్టోబరులో 31, మొత్తం 89. తొంభయ్యోది నవంబరు 1. అది ఆదివారం. అలాగని "చివరి రోజు అక్టోబరు 30, శుక్రవారం" అని రాయకండి. రాస్తే రెండు రోజుల నోటీసు తక్కువైందని సెటిల్‌మెంట్లో కోస్తారు. చివరిగా పని చేసేది శుక్రవారమే అయినా ఉద్యోగం ముగిసే తేదీ నవంబరు 1 అని ఉండాలి.

మూడోదానికి సాయంత్రం మళ్లీ వస్తా. అది డబ్బుతో కూడుకున్నది, తొందరలో రాయకూడదు. ఈలోపు సెప్టెంబరు మొదటి వారం అన్న మాట మాత్రం ఎవరికీ నోటితో కూడా చెప్పకండి.

---

రాయదుర్గం_జీన్స్ (రాయదుర్గం)

నమస్తే. నాది కూడా ఆన్‌లైన్ అమ్మకమే, జీన్స్. రిటర్నులు ఎక్కువగా వస్తున్నాయి, కొరియరు వాళ్లు రెండు వైపులా చార్జీ వేస్తున్నారు. చీరలకు రిటర్నులు ఎంత శాతం వస్తున్నాయక్కా? ఇంకోటి, జీఎస్టీ లేకుండా మార్కెట్‌ప్లేసులో అమ్మొచ్చా? మా బావమరిది అమ్మొచ్చంటున్నాడు.

---

పద్దు_కడప (కడప)

అన్నా, ఈ దారం రాజీనామా లేఖ గురించి. రిటర్నుల ముచ్చట వేరే దారం తెరువు, అక్కడ మాట్లాడుకుందాం. జీఎస్టీకి మాత్రం ఒక్క ముక్క: 2023 అక్టోబరు 1 నుంచి చిన్న అమ్మకందారులు రిజిస్ట్రేషన్ లేకుండా మార్కెట్‌ప్లేసులో సరుకు అమ్మొచ్చు. అయితే సొంత రాష్ట్రం లోపలే. జీఎస్టీ పోర్టల్లో నమోదు సంఖ్య ఒకటి తీసుకోవాలి. బళ్లారి మీకు పక్కనే అయినా అది కర్ణాటక, అక్కడికి ఒక్క ప్యాంటు పంపినా ఆ వెసులుబాటు పోతుంది. మీ బావమరిది చెప్పింది ఆ మేరకే నిజం.

పట్టుపోగు గారికి జీఎస్టీ ఉంది కాబట్టి ఆ గొడవ లేదు. వేరే గొడవ ఉంది. జీఎస్టీ పోర్టల్లో `Search by PAN` అని ఎవరైనా వాడగలిగే పేజీ ఒకటుంది. లాగిన్ అక్కర్లేదు. హెచ్ఆర్ దగ్గర మీ పాన్ ఎలాగూ ఉంటుంది. అది కొడితే మీ పేరు మీద ఉన్న రిజిస్ట్రేషన్ బయటపడుతుంది. నంబరు మీద నొక్కితే ఏ తేదీన తీసుకున్నారో కూడా చూపిస్తుంది. మార్కెట్‌ప్లేసు పేజీలో అమ్మకందారు పేరు, చిరునామా ఎలాగూ ఉంటాయి. కాబట్టి దాచడం కుదిరే పని కాదు. కానీ దాచలేకపోవడం వేరు, సంతకం పెట్టి రాసివ్వడం వేరు.

మీ లేఖ మొదటి వాక్యమే "14 నెలలుగా దుకాణం నడుపుతున్నాను". రెండోది "రెండు పనులూ చేయడం కష్టంగా ఉంది". నియామక పత్రంలో "రాతపూర్వక అనుమతి లేకుండా వేరే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయరాదు" అన్న షరతు ఉందా చూడండి. ఐటీ కంపెనీల పత్రాల్లో సాధారణంగా ఉంటుంది. ఉంటే, ఈ రెండు వాక్యాలతో షరతు మీరినట్టు, దానివల్ల ఆఫీసు పని దెబ్బతిన్నట్టు మీ చేత్తోనే ఒప్పుకున్నట్టవుతుంది. రాజీనామాను పక్కన పెట్టి క్రమశిక్షణ చర్య మొదలుపెట్టడానికి అంతకంటే కాగితం వాళ్లకు అక్కర్లేదు.

---

పట్టుపోగు (అనంతపురం)

పత్రం తీసి చూశాను. 11వ అంశంలో సరిగ్గా అదే ఉంది, వేరే వ్యాపారానికి ముందస్తు రాతపూర్వక అనుమతి కావాలని. నేను తీసుకోలేదు. మేనేజరుకు మాత్రం తెలుసు, పోయిన సంక్రాంతికి ఆయన ఇంటివాళ్లు నా దగ్గరే చీర కొన్నారు. అది సరిపోదా?

---

పద్దు_కడప (కడప)

సరిపోదమ్మా. తెలిసి ఉండటం అనుమతి కాదు, రాతపూర్వకం అన్నాక రాతే కావాలి. ఆ చీర సంగతి లేఖలో గానీ మాటల్లో గానీ తేవద్దు, ఆయన్ని ఇరుకున పెట్టినట్టవుతుంది. మీకు సాయం చేయగల మనిషి ఆయనే.

---

నల్లమల_నీడ (ఆత్మకూరు)

నాకు రెండేళ్ల బాండ్ ఉంది, ఏడాదే అయింది, కట్టాల్సింది 2 లక్షలు అని రాశారు. నేను కూడా మానేసి సొంత యాప్ పెట్టాలనుకుంటున్నా. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం ఇవేవీ చెల్లవని విన్నా. పట్టుపోగు గారికి కూడా ఆ 11వ అంశం చెల్లదు కదా, భయమెందుకు?

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

మూడు వేర్వేరు విషయాలు ఒకే గంపలో వేశారు. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ పనికొచ్చేది ఉద్యోగం మానేశాక. "వెళ్లిన తర్వాత రెండేళ్లు ఈ రంగంలో పని చేయకూడదు" లాంటి షరతులు దాని ముందు నిలబడవు. ఉద్యోగంలో ఉండగా వేరే పని చేయొద్దనే షరతు మాత్రం మామూలుగా చెల్లుతుంది. పట్టుపోగు గారి 11వ అంశం రెండో రకం. మీ బాండ్ ఇంకో రకం, కంపెనీ మీ శిక్షణకు నిజంగా ఎంత ఖర్చు పెట్టిందన్న దాని మీద నడుస్తుంది. మీ పత్రం చూడకుండా దాని మీద నేనేమీ చెప్పను.

ఇప్పుడు ఉదయం ఆపిన విషయం. పట్టుపోగు గారూ, మీరు చేరింది 13 సెప్టెంబరు 2021. అయిదేళ్లు నిండేది 12 సెప్టెంబరు 2026 సాయంత్రానికి. మీరు వదిలేయమని అడుగుతున్నది సెప్టెంబరు మొదటి వారం. శుక్రవారం, సెప్టెంబరు 4న వదిలేశారనుకోండి, అయిదేళ్లు నిండితే కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి ఎనిమిది రోజులు తక్కువ.

లెక్క ఇది. నెల బేసిక్‌ను 26తో భాగించి, 15తో గుణించి, సంవత్సరాలతో గుణించాలి. 60,000ను 26తో భాగించి 15తో గుణిస్తే 34,615. అయిదేళ్లకు 1,73,077 రూపాయలు. కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాక జీతం నిర్వచనం మారింది, మీ విషయంలో ఆ అంకె పెరగొచ్చు గానీ తగ్గదు. ఎనిమిది రోజుల తొందరకు అంత పోతుంది. అదీ వాళ్లు కోసింది కాదు. "మీరు అడిగిన తేదీకే వదిలాం" అంటారు, మీ లేఖే సాక్ష్యం.

---

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం)

అన్నా ఇప్పుడు చట్టం మారింది కదా! 2025 నవంబరు నుంచి ఒక్క ఏడాది చేస్తే చాలు గ్రాట్యుటీ. అన్ని వీడియోల్లోనూ అదే చెబుతున్నారు. పాత చట్టంలో కూడా నాలుగేళ్ల 240 రోజులు చాలు. అక్క ఎప్పుడు మానినా వస్తుంది.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ఏడాది మాట ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు, అంటే రెండేళ్లకో మూడేళ్లకో ముందే గడువు రాసుకుని తీసుకున్నవాళ్లకు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది నిజమే. పర్మనెంట్ వాళ్లకు అయిదేళ్లు అయిదేళ్లే. వీడియోల్లో ఈ తేడా చెప్పకుండా వదిలేస్తున్నారు. దాన్ని నమ్మి నాలుగో ఏడు మానేసేవాళ్లుంటారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

నాలుగేళ్ల 240 రోజుల సంగతి ఉత్తది కాదు. మద్రాసు హైకోర్టు అలా చెప్పింది, కొన్ని కంపెనీలు ఇస్తాయి కూడా. కానీ బెంగళూరు కంపెనీ "మా పాలసీ నిండు అయిదేళ్లు" అంటే మీరు అధికారి ముందు అర్జీ పెట్టి పోరాడాలి. పోరాడితే రావొచ్చు. ఎనిమిది రోజులు ఓపిక పడితే పోరాటమే అక్కర్లేదు.

---

పద్దు_కడప (కడప)

ఇక్కడ నాది కొంచెం వేరే అభిప్రాయం. 240 రోజుల వాదన గట్టిదే, దాన్ని అంత తీసిపారేయాల్సిన పని లేదు. ఎనిమిది రోజులు కాక మూడు నెలలు తక్కువైతే నేను పోరాడమనే చెబుతా. ఈ కేసులో మాత్రం గట్టు గారి మాటే. పీఎఫ్‌కు కూడా ఇదే అయిదేళ్ల గీత ఉంది, నిండకముందు డబ్బు తీస్తే పన్ను పడుతుంది. పాత కంపెనీ సర్వీసు బదిలీ చేయించి ఉంటే అదీ కలుస్తుంది.

---

పట్టుపోగు (అనంతపురం)

గ్రాట్యుటీ నా బుర్రకే తట్టలేదు. పాత కంపెనీ లేదు, ఇదే మొదటిది. మరి నవంబరు 1 దాకా ఉంటే దసరా మొత్తం పోతుంది. సెప్టెంబరు 12 దాటాక బయటపడే దారి ఉందా? మిగిలిన నోటీసు రోజులకు డబ్బు ఇచ్చేసి బైఅవుట్ కడితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తారని ఆఫీసులో అంటున్నారు.

---

పద్దు_కడప (కడప)

ఆ జీఎస్టీ భయం పాతది. 2022 ఆగస్టులో వచ్చిన 178వ నంబరు సర్క్యులర్‌లో నోటీసు జీతం వసూలు మీద జీఎస్టీ లేదని తేల్చారు. ఎవరైనా వేస్తే ఆ నంబరు చెప్పండి.

బైఅవుట్ లెక్క చూద్దాం. శుక్రవారం, సెప్టెంబరు 18 అనుకుందాం. అయిదేళ్లు నిండి ఆరు రోజులు అవుతుంది. అక్కడి నుంచి నవంబరు 1కి 44 రోజులు తక్కువ. బేసిక్ మీద కోసే కంపెనీ అయితే రోజుకు 2,000 చొప్పున 88,000. మొత్తం జీతం మీద కోసే కంపెనీ అయితే రోజుకు 4,000, అంటే 1,76,000. అది మీ గ్రాట్యుటీ కంటే ఎక్కువ. దీనికి తోడు ఆ 44 రోజుల జీతం కూడా రాదు. కాబట్టి మీ పత్రంలో నోటీసు వసూలు "బేసిక్" అని ఉందా "గ్రాస్" అని ఉందా అన్న ఒక్క మాట మీదే నిర్ణయం ఆధారపడుతుంది. ఆ నెలా పదిహేను రోజుల్లో చీరల మీద మీకు మిగిలేది ఎంతో మీకే తెలుసు. అమ్మకం కాదు, మిగులు చూడండి. నేత ఖరీదు, ప్యాకింగు, కొరియరు, మార్కెట్‌ప్లేసు కమిషను పోగా ఉన్నది.

---

పట్టుపోగు (అనంతపురం)

చూశాను. "మూల వేతనం మీద" అని ఉంది. 88,000 అయితే ఆలోచించవచ్చు. పోయిన దసరాకు రోజుకు రెండు గంటలే పెట్టి అంతకంటే ఎక్కువే మిగిలింది. 22 రోజుల సెలవులు కూడా మిగిలి ఉన్నాయి, వాటిని నోటీసులో సర్దమని అడగొచ్చా?

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అడగొచ్చు, కానీ అది పూర్తిగా పాలసీ మీద ఉంటుంది. చాలా చోట్ల నోటీసులో సెలవు పెడితే అన్ని రోజులూ నోటీసు వెనక్కి జరుగుతుంది. పాలసీ పేజీ చదివి, సర్దుబాటుకు వీలుందంటేనే అడగండి. 22 సర్దితే కట్టాల్సింది 22 రోజులకే, అంటే 44,000. సర్దకపోతే ఆ సెలవులకు డబ్బు ఇస్తారు కాబట్టి మరీ నష్టమేం లేదు.

ఈ ముందస్తు విడుదల కోరిక రాజీనామా లేఖలో పెట్టొద్దన్నది నా మాట. రాజీనామా ఒక కాగితం, అందులో ఒకే తేదీ ఉండాలి, నవంబరు 1. రెండు తేదీలుంటే పోర్టల్లో ఎవరికి నచ్చింది వాళ్లు ఎక్కిస్తారు. ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చి, మీ పని ఎవరికి అప్పగిస్తారో తేలాక, ఆగస్టు మూడో వారంలో వేరే మెయిల్ రాయండి. "అప్పగింత సెప్టెంబరు 11కు పూర్తవుతుంది, ఆపై మిగిలిన నోటీసుకు పత్రం ప్రకారం వసూలు చేసుకుని సెప్టెంబరు 18న విడుదల చేయగలరా" అని. మేనేజరుకు అప్పటికి అప్పగింత కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టి సరే అనడం తేలిక. ఆగస్టు 3నే అడిగితే కాదనడం తేలిక.

ఆ మెయిల్లో "ఇంకా ముందైనా ఫర్వాలేదు" అన్న మర్యాద మాట వద్దు. "సెప్టెంబరు 18 కంటే ముందు కాదు" అన్నట్టే ఉండాలి.

ఇంకో ప్రశ్న. ఆ సైటు, దాని కోడు ఏ ల్యాప్‌టాప్‌లో రాశారు?

---

పట్టుపోగు (అనంతపురం)

సైటు నా సొంత కంప్యూటర్‌లోనే. ఒక చిన్న స్క్రిప్టు మాత్రం ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాశాను. చేనేత చీర ఒక్కో రకం ఒక్కటే ఉంటుంది. మార్కెట్‌ప్లేసులో అమ్ముడైన క్షణం సొంత సైటులో సున్నా కావాలి, లేకపోతే ఒకే చీరకు ఇద్దరు డబ్బు కడతారు. ఆ పని చేసే స్క్రిప్టు, 200 లైన్లు ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవులో తీసుకుందామనుకుంటున్నా.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

తీసుకోకండి. మెయిల్ చేసుకోకండి. కంపెనీ పరికరం మీద రాసిన కోడు కంపెనీదే అనే షరతు మీ పత్రంలో దాదాపు ఖాయంగా ఉంటుంది. రాజీనామా ఇచ్చినవాళ్ల ల్యాప్‌టాప్ మీద నిఘా ఎక్కువ పెడతారు, పెన్‌డ్రైవు గుచ్చగానే సెక్యూరిటీ వాళ్లకు కబురు వెళ్తుంది. వాళ్లకు అది చీరల స్క్రిప్టో కంపెనీ కోడో తెలియదు, ఫైళ్లు బయటికి పోయాయని మాత్రమే తెలుస్తుంది. సెటిల్‌మెంటు అక్కడ ఆగుతుంది. 200 లైన్లే కాబట్టి ఇంటి కంప్యూటర్‌లో మొదటి నుంచి మళ్లీ రాసుకోండి. ల్యాప్‌టాప్‌ను తుడిచేయడం కూడా వద్దు, అదీ అనుమానమే.

పేమెంట్ గేట్‌వేకు గానీ సెల్లర్ ఖాతాకు గానీ ఆఫీసు మెయిల్ ఇచ్చి ఉంటే ఈ వారమే మార్చండి. చివరి రోజు ఆ మెయిల్ మూతపడితే ఓటీపీ రాదు.

---

టవర్‌క్లాక్_కుర్రోడు (అనంతపురం)

ఇంత గొడవ ఉంటే లేఖలో "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే పోలా?

---

పద్దు_కడప (కడప)

నేనూ అదే అంటా. కారణం చెప్పాల్సిన బాధ్యత సాధారణంగా పత్రాల్లో ఉండదు.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

నేను ఒప్పుకోను. నవంబరులో మీ పేజీలో దుకాణం ప్రకటనలు అందరూ చూస్తారు. అయిదేళ్లు కలిసి పని చేసినవాళ్ల దగ్గర దాచినట్టు ఉండకూడదు. ఇంకోటి, కారణం చెప్పకపోతే పోటీ కంపెనీకి పోతోందనుకుని జీతం పెంచుతామని రెండు వారాలు బేరాలాడతారు. "సొంత వ్యాపారం చూసుకోవడానికి" అంటే ఆ బేరం అక్కడే ఆగుతుంది. అది నిజం, భవిష్యత్తు గురించిన మాట, గడిచిన 14 నెలల గురించి ఏమీ ఒప్పుకోదు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో నేరుగా "ఇదివరకే నడుస్తోందా" అని అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి. అవునని చెప్పి, మీ పనివేళలకు అడ్డు రాలేదని చెప్పి ఆపండి.

---

పద్దు_కడప (కడప)

"సొంత వ్యాపారం" అన్న మాట చూసి హెచ్ఆర్ పాన్ కొడితే? నా భయం అదే. ఇక్కడ మనిద్దరికీ కుదరదు, ఆమె మేనేజరు ఎలాంటివాడో ఆమెకే తెలుసు.

---

పట్టుపోగు (అనంతపురం) · 20 జూలై

మా మేనేజరు సూటి మనిషి. గట్టు గారి పద్ధతిలోనే రాస్తాను. కొత్తది ఇదీ:

> విషయం: రాజీనామా, ఉద్యోగి సంఖ్య …, ఉద్యోగం ముగిసే తేదీ 1 నవంబరు 2026
>
> మేనేజరు గారికి,
>
> సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పదవికి ఈ లేఖతో, 3 ఆగస్టు 2026న రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రం ప్రకారం 90 రోజుల నోటీసు 1 నవంబరు 2026తో ముగుస్తుంది. ఆ తర్వాత సొంత వ్యాపారాన్ని పూర్తి సమయం చూసుకోబోతున్నాను.
>
> నా దగ్గరున్న రెండు సర్వీసుల వివరాలు, వాటి ఆన్‌కాల్ సూచనలు నోటీసు కాలంలో మీరు చెప్పినవారికి అప్పగిస్తాను. అప్పగింత ప్రణాళికను ఆగస్టు 10లోగా పంపుతాను.
>
> ఈ లేఖ అందినట్టు, పై తేదీ సరైనదేనని మెయిల్ ద్వారా తెలియజేయగలరు. ఈ అయిదేళ్లలో మీరు నేర్పినదానికి కృతజ్ఞతలు.

ఉచిత సహాయం వాక్యం నేనే తీసేశాను. వెళ్లాక వాళ్ల సిస్టమ్‌లోకి నన్ను రానివ్వరు, రానిచ్చినా అది పద్ధతి కాదు.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

చాలా బాగుంది. "అయిదేళ్లలో" అన్నది ఆగస్టు 3 నాటికి నిండలేదు, అయినా కృతజ్ఞతల్లోనే ఉంది కాబట్టి ఫర్వాలేదు. మేనేజరుకు పంపి, హెచ్ఆర్‌కు కాపీ పెట్టండి. అదే రోజు పోర్టల్లో కూడా ఎక్కించండి. పోర్టల్లో కారణానికి జాబితా ఇస్తారు, "సొంత వ్యాపారం" లాంటిది లేకపోతే "ఇతర" అని పెట్టండి, "మెరుగైన ఉద్యోగం" అని మాత్రం వద్దు. ఒప్పుకున్నట్టు వచ్చిన జవాబు ఫోన్లో ఫోటో తీసుకోండి, ఆఫీసు మెయిల్ తర్వాత తెరుచుకోదు.

ఇంట్లో పెద్దవాళ్లు కంపెనీ ఆరోగ్య బీమాలో ఉన్నారా?

---

పట్టుపోగు (అనంతపురం)

అమ్మ ఉంది. చక్కెర జబ్బు.

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అయితే ఇది లేఖ కంటే ముందు చేయాల్సిన పని. గ్రూపు బీమా మామూలుగా చివరి రోజుతో ఆగిపోతుంది. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారితే, గ్రూపులో గడిచిన కాలం పాత జబ్బుల నిరీక్షణలో కలుస్తుంది, అదీ ఇదివరకున్న బీమా మొత్తం మేరకు. కొత్తగా ఎక్కడో తీసుకుంటే చక్కెరకు మళ్లీ ఏళ్ల తరబడి ఆగాలి. నెలన్నర ముందే అర్జీ పెట్టుకోవడం మంచిది. సెప్టెంబరు 18న వెళ్లాలనుకుంటే ఆగస్టు మొదటి వారంలోనే. వాళ్లు ఆరోగ్య పరీక్షలు అడగొచ్చు, ప్రీమియం పెంచొచ్చు. ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేను.

---

పద్దు_కడప (కడప)

పీఎఫ్ గురించి ఒక్కటి. వెళ్లాక యూఏఎన్ పోర్టల్లో ఎగ్జిట్ తేదీ పడిందో లేదో చూసుకోండి. కంపెనీ వేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత `Mark Exit` దగ్గర మీరే ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చు. తేదీ రిలీవింగ్ లెటర్లో ఉన్నదే వేయాలి. ఒకసారి వేశాక మార్చడం చాలా కష్టం.

---

పట్టుపోగు (అనంతపురం) · 3 ఆగస్టు

ఈ ఉదయం మెయిల్ పంపాను, పోర్టల్లోనూ ఎక్కించాను. బీమా అర్జీ మొన్న శనివారమే పెట్టాను. కానీ పోర్టల్లో చివరి తేదీ దానంతట అదే అక్టోబరు 31 అని పడింది. లేఖలో నవంబరు 1 ఉంది. ఏది నిలుస్తుంది?

---

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

పోర్టల్ ఈ రోజునే మొదటి రోజుగా లెక్కపెట్టింది. ఒక రోజు ముందు వదిలితే మీకు నష్టం లేదు, అయిదేళ్లకు చాలా దూరం. కానీ రెండు కాగితాల్లో రెండు తేదీలు ఉండకూడదు. హెచ్ఆర్‌కు ఈ రోజే ఒక వాక్యం రాయండి: "పోర్టల్లో 31 అక్టోబరు చూపిస్తోంది. కంపెనీ లెక్క అదే అయితే నాకు సమ్మతమే, నోటీసు తక్కువైనట్టు వసూలు ఉండదని నిర్ధారించగలరు." స్క్రీన్‌షాట్ జత చేయండి. జవాబు ఏం వచ్చిందో ఇక్కడ చెప్పండి, సెప్టెంబరు 18 మెయిల్ దాన్ని బట్టి రాద్దాం. అప్పుడు తక్కువయ్యేది 44 కాదు, 43 రోజులే.